ఫ్రిజ్ లేకుండా నిలిచే నిమ్మ స్క్వాష్: చక్కెర లెక్క, సీసా కట్టు, నిల్వ

స్క్వాష్ గురించి నాకు వచ్చే ప్రశ్నలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. "పాకం బాగా ముదరనిచ్చాను, సీసాలు మరిగించాను, అయినా రెండు వారాలకే బుడగలు వచ్చాయి. ఎక్కడ తప్పు జరిగింది?" పది మందిలో తొమ్మిది మంది విషయంలో తప్పు ఒక్కచోటే ఉంటుంది. అది సీసాలో కాదు, పాకంలోనూ కాదు, లెక్కలో.

మా ఇంట్లోనూ అదే జరిగింది. ఒక వేసవిలో తీగ పాకం పట్టి, నిమ్మరసం కలిపి, ఆరు సీసాలు నింపి అటక మీద పెట్టాను. పన్నెండో రోజు రాత్రి ఒక మూత ఎగిరి పైకప్పుకు తగిలింది. తక్కినవి తలుపు బయట పెట్టి, తడి గుడ్డ కప్పి, ఒక్కొక్కటిగా తెరిచి పారబోయాల్సి వచ్చింది. ఆ తర్వాతే త్రాసు కొన్నాను.

ఈ మార్గదర్శి నిమ్మరసాన్ని పట్టుకుని సాగుతుంది. గూడూరు వైపు కాయలు వానాకాలంలో చౌకగా దొరుకుతాయి, ఎండలు ముదిరేసరికి ధర కొండెక్కుతుంది. కాబట్టి నెలల తరబడి దాచుకోవలసిన అవసరం నిమ్మకే ఎక్కువ. తక్కిన పండ్లకు ఏం మారుతుందో చివర చెబుతాను.

## 1. ముందుగా లెక్క: పాకం గట్టిదనం కాదు, కలిపాక మిగిలేది

రెండు కిలోల చక్కెరను లీటరు నీటిలో కరిగిస్తే మూడు కిలోల పాకం వస్తుంది. అందులో చక్కెర 66 శాతం పైనే. అంత చిక్కదనంలో మామూలు బూజు, ఈస్టు బతకలేవు. వాటికి కావలసిన నీటిని చక్కెర పట్టి ఉంచుతుంది. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు అందులో లీటరు నిమ్మరసం పోయండి. నిమ్మరసంలో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే. మొత్తం నాలుగు కిలోలు అయింది, చక్కెర మాత్రం ఆ రెండు కిలోలే. రసంలో ఉన్న కాస్త ఘనపదార్థాన్ని కలుపుకున్నా 52 శాతం దాటదు. 66 నుంచి 52కు పడిపోయాక చక్కెర ఒక్కటే కాపలా కాయలేదు. పులుపు బ్యాక్టీరియాను ఆపుతుంది కానీ ఈస్టుకు పులుపంటే భయం లేదు.

అందుకే తీగ పాకం, ముదురు పాకం అన్న గుర్తులను ఇక్కడ మరచిపోండి. చూడవలసింది అంతా కలిపిన తర్వాత, బరువు మీద, నూటికి ఎంత చక్కెర ఉందన్నదే. గ్లాసులతో, గిన్నెలతో కొలిస్తే ఈ లెక్క కుదరదు.

ఇక్కడి నుంచి రెండు దారులు ఉన్నాయి:

- మొదటి దారి, షర్బత్ సారం: నీరు అసలు కలపకుండా చక్కెరను 66 శాతానికి తీసుకెళ్లడం. నిల్వ మందు అక్కర్లేదు.
- రెండో దారి, స్క్వాష్: చక్కెర 50 శాతం దగ్గర ఉంచి, కొలిచిన నిల్వ మందు వేయడం. తాజా రుచి ఇందులోనే ఎక్కువ.

మధ్యలో మూడో దారి లేదు. 55 శాతం చక్కెర వేసి, మందు లేకుండా, అలమరలో నెలల తరబడి ఉంచుతామంటే కుదరదు. ఆ మధ్య దారిలోనే మా ఇంటి మూత ఎగిరింది.

## 2. సిద్ధం చేసుకోవలసినవి

- గ్రాముల్లో చూపే వంటింటి త్రాసు
- స్టీలు గిన్నె, స్టీలు జల్లెడ (అల్యూమినియం, ఇత్తడి, రాగి వద్దు, నిమ్మ పులుపు లోహాన్ని లాగేస్తుంది)
- ఉతికి మరిగించిన పలుచని గుడ్డ
- గాజు సీసాలు, లోపల ప్లాస్టిక్ పొర ఉన్న మూతలు
- స్టీలు లేదా ప్లాస్టిక్ గరాటు
- వంటకు పనికొచ్చే థర్మామీటరు (మొదటి దారికి)

సీసాలు పెద్దవి వద్దు. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసా తెరిచిన రోజు నుంచే గడువు తగ్గడం మొదలవుతుంది. రెండు లీటర్ల సీసా ఒకటి కంటే పావు లీటరువి ఎనిమిది మేలు.

సీసాలను చల్లని నీటిలో ఉంచి, నీటితోపాటే వేడి చేసి, మరగడం మొదలయ్యాక పది నిమిషాలు ఉంచండి. మరిగే నీటిలోకి చల్లని సీసా వేస్తే పగులుతుంది. తర్వాత శుభ్రమైన గుడ్డ మీద బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. లోపల నాలుగు నీటి చుక్కలు మిగిలినా, అవి చేరినచోట చక్కెర పలచబడి బూజుకు చోటు దొరుకుతుంది.

## 3. రసం తీయడం

లీటరు రసానికి సుమారు రెండున్నర కిలోల కాయలు కావాలి. పలుచని తొక్కతో, పసుపు తిరిగిన కాయలు తీసుకోండి. మచ్చపడి మెత్తబడినది ఒక్కటున్నా పక్కన పడేయండి. ఈస్టు వచ్చేది అక్కడి నుంచే.

కాయలు కడిగి, తడి తుడిచి, అడ్డంగా కోసి పిండండి. చివరి చుక్క దాకా నలిపి పిండే అలవాటు పప్పులోకి సరే, ఇక్కడ మానుకోవాలి. తొక్కలోని నూనె, తెల్ల పొరలోని చేదు రసంలోకి దిగుతాయి. ఆ రోజు తెలియదు, నెల తర్వాత నాలుక మీద తెలుస్తుంది.

గింజలు వెంటనే తీసేసి వడకట్టండి. పిండిన రోజే పని ముగించాలి. రాత్రంతా ఉంచిన రసంతో చేసింది ఎప్పుడూ కాస్త చేదుగానే ఉంటుంది.

## 4. మొదటి దారి: మందు లేని షర్బత్ సారం

కొలత:

- నిమ్మరసం 1 లీటరు
- చక్కెర 1 కిలో 800 గ్రాములు
- నీరు: లేదు

ఇక్కడ కిటుకు చక్కెరను కరిగించే నీరు రసమే కావడం. మొత్తం సుమారు 2 కిలోల 830 గ్రాములు, అందులో ఘనపదార్థం 66 శాతం. రెండు లీటర్లకు కాస్త పైగా వస్తుంది.

1. రసం, చక్కెర కలిపి గంటసేపు అలాగే ఉంచి, మధ్యమధ్య కలపండి. సగం చక్కెర పొయ్యి ఎక్కకుండానే కరుగుతుంది.
2. సన్నని మంట మీద పెట్టి, కలుపుతూ 85 డిగ్రీలు రానివ్వండి. మరగనివ్వకండి. మరిగితే రుచి ఉడికిన పచ్చడిలా మారుతుంది.
3. పైకి తేలే తెట్టు తీసి, వేడిగానే గుడ్డలో వడకట్టండి. వడకట్టాక చల్లబడితే మళ్లీ 85కు తీసుకురండి.
4. వేడి సీసాల్లో వేడిగా, మెడ దాకా నింపి మూత బిగించండి. చల్లని సీసాలో వేడిది పోయకండి.
5. మూడు నిమిషాలు సీసాను తలకిందులుగా ఉంచండి. మూత లోపలి వైపు కూడా ఆ వేడి తగలాలి.
6. పూర్తిగా చల్లారాక ఒకసారి బాగా ఊపండి. ఆవిరి చుక్కలు పైన పలుచని పొరలా నిలుస్తాయి. బూజు మొదట కనిపించేది ఆ పొర మీదే. ఊపితే అవి కలిసిపోతాయి.

వేడి చేయడం వల్ల తాజా వాసన కొంత పోతుంది. అది దాచడానికి లేదు. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవారు ఉన్న ఇంటికి మాత్రం ఈ దారినే ఎంచుకోమంటాను. కారణం ఆరో భాగంలో ఉంది.

తాగేటప్పుడు 35 మిల్లీలీటర్ల సారానికి గ్లాసుడు నీరు, చిటికెడు ఉప్పు చాలు. ఆ గ్లాసులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. మధుమేహం ఉన్నవారు సారంలో చక్కెర తగ్గించి చేయమని అడుగుతుంటారు. సారంలో తగ్గిస్తే నిల్వ చెడుతుంది, గ్లాసులో నీరు పెంచుకోవచ్చు. అదీ సరిపోకపోతే వారికి అప్పటికప్పుడు ఉప్పు నిమ్మరసం కలిపి ఇవ్వడమే మంచిది.

## 5. రెండో దారి: స్క్వాష్

కొలత:

- నిమ్మరసం 1 లీటరు
- చక్కెర 2 కిలోలు
- నీరు 1 లీటరు
- పొటాషియం మెటాబైసల్ఫైట్ 2.4 గ్రాములు

మన దేశపు నిబంధనల ప్రకారం స్క్వాష్ అనాలంటే పండ్ల రసం కనీసం 25 శాతం, కరిగిన ఘనపదార్థం కనీసం 40 శాతం ఉండాలి. ఈ కొలతలో రసం 25, ఘనపదార్థం 52 వరకు ఉంటుంది. ఎండ ఎక్కువ ఉన్న ఊళ్లకు నేను 50కి తగ్గనివ్వను.

1. ఖాళీ గిన్నె బరువు రాసి పెట్టుకోండి. చక్కెర, నీరు వేసి మరగనివ్వండి.
2. ఒక చెంచా నిమ్మరసం వేస్తే మురికి తెట్టు కట్టి పైకి వస్తుంది. తీసేయండి. రెండు మూడు నిమిషాలు మరిగితే చాలు, తీగ రానవసరం లేదు.
3. వేడిగానే వడకట్టి, గిన్నె తూచండి. పాకం మూడు కిలోలు ఉండాలి. నీరు ఆవిరై తగ్గి ఉంటే మరిగించిన నీటితో మూడు కిలోలకు తీసుకురండి.
4. పాకాన్ని మూతపెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. గిన్నె అడుగు చేతికి ఏ మాత్రం వెచ్చగా తగలకూడదు.
5. అప్పుడు నిమ్మరసం పోసి కలపండి.
6. చివరగా మందు. ఈ వరుస మార్చకండి.

## 6. నిల్వ మందు: ఎంత, ఎలా, ఎవరికి వద్దు

పొటాషియం మెటాబైసల్ఫైట్ పులుపు తగలగానే గంధకపు వాయువును వదులుతుంది. ఈస్టును ఆపేది ఆ వాయువే. వేడి పాకంలో వేస్తే అది గాలిలోకి పోతుంది, మీ ముక్కు మండుతుంది, సీసాలో ఏమీ మిగలదు. చల్లారేదాకా ఆగమన్నది అందుకే.

స్క్వాష్‌లో ఈ వాయువు కిలోకు 350 మిల్లీగ్రాములు మించకూడదు. ఈ పొడిలో దాని వాటా సగానికి కాస్త పైన. కాబట్టి కిలో స్క్వాష్‌కు 0.6 గ్రాముల పొడి, నాలుగు కిలోలకు 2.4 గ్రాములు. "చిటికెడు" అని రాసే వంటకాలను నమ్మకండి. నా చిటికెడు వేరు, మీ చిటికెడు వేరు.

ఇంటి త్రాసు 2.4 గ్రాములను సరిగ్గా చూపదు. దానికి ఉపాయం ఉంది. 12 గ్రాముల పొడిని మరిగించి చల్లార్చిన నీటిలో కరిగించి, మొత్తం 200 మిల్లీలీటర్లు చేయండి. అందులో 10 మిల్లీలీటర్లు తీస్తే 0.6 గ్రాములు వచ్చినట్లే. మందుల షాపులో దొరికే సిరంజితో కిలోకు పది చొప్పున, నాలుగు కిలోలకు 40 మిల్లీలీటర్లు కలపండి. మిగిలినది దాచకుండా పారబోయండి. మర్నాటికి బలం తగ్గుతుంది.

చూసుకోవలసినవి:

- పొట్లం మీద ఆహారానికి పనికొచ్చే రకం అని ఉండాలి
- పొడి గాలి తగలకుండా ఉండాలి. తెరిచి ఏడాది దాటినది వాడకండి
- కిటికీ తెరిచి పని చేయండి, వాసన చూడకండి
- ఆస్తమా ఉన్నవారికి, సల్ఫైట్ పడనివారికి ఈ స్క్వాష్ ఇవ్వకండి
- సీసా మీద "మందు కలిపినది" అని తేదీతో రాయండి

సోడియం బెంజోయేట్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. నిమ్మలో అది వద్దు. సి విటమిన్‌తో కలిసి నిల్వ ఉన్నప్పుడు, ముఖ్యంగా వేడిలో, కొద్దిగా బెంజీన్ పుట్టే అవకాశం ఉంది.

## 7. చక్కెర సరిపోయిందో లేదో చూసే పరీక్ష

రిఫ్రాక్టోమీటర్ ఉంటే రెండు చుక్కలతో తేలిపోతుంది. లేనివారికి సీసా, త్రాసు చాలు.

1. ఖాళీ సీసాను త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. సరిగ్గా 500 గ్రాముల నీరు పోసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి.
2. నీరు పారబోసి, సీసా ఆరబెట్టండి. మళ్లీ ఖాళీ సీసాతో సున్నా చేయండి.
3. గది వేడికి చల్లారిన స్క్వాష్‌ను ఆ గీత దాకా పోసి తూచండి.

660 గ్రాముల దగ్గర ఉంటే 66 శాతం. 615 ఉంటే 50 శాతం. చక్కెర ఎంత ఎక్కువైతే అదే చోటులో బరువు అంత ఎక్కువ, అంతే.

మొదటి దారిలో చేసినది 650 చూపిందనుకోండి. అది సుమారు 62 శాతం. కిలో సారానికి 120 గ్రాముల చక్కెర చేర్చి, మళ్లీ 85 డిగ్రీలకు తెచ్చి నింపండి. 670 దాటితే వేరే చిక్కు వస్తుంది. మామూలు వేడిలో నీరు పట్టగల చక్కెర 67, 68 శాతమే. ఆ పైది కొన్నాళ్లకు అడుగున పలుకులుగా దిగుతుంది, పైనున్న ద్రవం మళ్లీ హద్దు దగ్గరకే వస్తుంది. పాడవదు కానీ సీసాలోంచి చక్కెర తవ్వుకోవాలి.

## 8. ఎక్కడ పెట్టాలి, ఎంత కాలం

స్క్వాష్‌ను సీసాలో నింపేటప్పుడు పైన ఒక అంగుళం ఖాళీ వదలండి. ఇనుప మూత వాడితే గంధకపు వాయువు దాన్ని తినేస్తుంది, తుప్పు రసంలో పడుతుంది.

అటక వద్దు. ఇంట్లో వేడంతా చేరేది అక్కడికే. పొయ్యి పక్క అలమర, కిటికీ గట్టు కూడా వద్దు. ఉత్తరపు గది నేల మీద, అట్టపెట్టెలో, వెలుతురు తగలకుండా పెట్టండి. వేసవిలో కుండ కింది తడి ఇసుకలో సీసాను సగం పాతిపెట్టినా చల్లగా ఉంటుంది; తడి మూత దాకా రాకుండా చూడండి. తెల్ల సీసాలైతే పాత వార్తాపత్రిక చుట్టండి. వెలుతురు రంగును తినేస్తుంది.

తెరవని సీసాలకు నేను పెట్టుకునే గడువు, రెండు దారులకూ, ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో ఏప్రిల్, మే ఉంటే నాలుగుకు తగ్గిస్తాను. తెరిచాక స్క్వాష్‌ను నెలలోపు, మందు లేని సారాన్ని రెండు వారాల్లోపు ముగించండి. తెరిచిన సీసాలో తడి చెంచా పెట్టకండి, గ్లాసులో మిగిలినది తిరిగి పోయకండి. మూతి దగ్గర కారినది ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవండి.

## 9. ఏది చెడింది, ఏది చెడలేదు

గుజ్జు పైకి తేలి, కింద తేటగా ఉంది. చెడలేదు. ఊపి వాడుకోండి.

రంగు గోధుమ వైపు తిరిగింది. వేడికో, వయసుకో వచ్చిన మార్పు. వాసన బాగుంటే తాగవచ్చు, రుచి మాత్రం వెనకటిలా ఉండదు.

గంధకం వాసన ఘాటుగా ఉంది. కొత్తగా నింపినదైతే వారం ఆగి చూడండి. అప్పటికీ ముక్కు మండుతుంటే మందు ఎక్కువ పడింది. కొలత మీద నమ్మకం లేకపోతే పారబోయండి.

చేదుగా ఉంది. పిండడంలో తప్పు. దిద్దడానికి లేదు, వచ్చేసారి చేయి తేలిక చేయండి.

బుడగలు, తెరవగానే చప్పుడు, కల్లు వాసన. పులిసింది. మళ్లీ మరిగించి వాడుకోవచ్చా అని అడుగుతారు. వద్దు. సీసా మీద గుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పి, నెమ్మదిగా మూత వదులు చేసి పారబోయండి.

పైన బూజు చుక్క. తీసేసి మిగతాది వాడకండి. కంటికి కనిపించే చుక్క కింద వేళ్లు లోపలికి దిగి ఉంటాయి. సీసా మొత్తం పారబోయవలసిందే.

ఒకే విడతలో ఒక్క సీసా మాత్రమే చెడితే తప్పు ఆ సీసాది, లేదా మూతది. అన్నీ చెడితే లెక్కది.

## 10. వేరే పండ్లకు ఏం మారుతుంది

మామిడి: పండు తియ్యగా ఉంటుంది కాని పులుపు చాలదు, మందు పులుపు లేనిదే పని చేయదు. కిలో గుజ్జుకు కిలో 600 గ్రాముల చక్కెర, లీటరు నీరు, 35 గ్రాముల నిమ్మ ఉప్పు. చక్కెర, నిమ్మ ఉప్పు పాకంలోనే వేసి, తక్కిన వరుసంతా స్క్వాష్‌లాగే. మొత్తం మూడు కిలోల ఆరు వందల పైన వస్తుంది, మందు దాని బరువుకు తగ్గట్టు వేయండి.

నల్ల ద్రాక్ష, నేరేడు: పొటాషియం మెటాబైసల్ఫైట్ వీటి రంగును వెలవెలబోయేలా చేస్తుంది. ఇక్కడ మాత్రం సోడియం బెంజోయేట్, కిలోకు 0.7 గ్రాములు, కాస్త నీటిలో కరిగించి వేయండి. పులుపు కోసం నిమ్మ ఉప్పు తప్పదు.

బత్తాయి: నిల్వకు నేను చేయను. తీసినప్పుడు తియ్యగా ఉన్న రసం కొన్ని గంటల్లోనే చేదెక్కుతుంది, వేడి చేస్తే ఇంకా త్వరగా.

నన్నారి: రాయలసీమ ఇళ్లలో చేసే సుగంధి వేళ్ల షర్బత్ మొదటి దారికి బాగా కుదురుతుంది. వంద గ్రాముల వేళ్లు కడిగి, దంచి, మధ్యలోని కట్టె ఈనె తీసేసి, పై బెరడును లీటరు పైచిలుకు వేడి నీటిలో రాత్రంతా నానబెట్టండి. వడకట్టిన కషాయం కిలో ఉంటే రెండు కిలోల చక్కెర. వేళ్లలో పులుపు ఏమీ లేదు కాబట్టి ఆరు గ్రాముల నిమ్మ ఉప్పు వేసి మరిగించండి. చక్కెర పలుకులు కట్టకుండా కూడా అదే ఆపుతుంది. దింపేముందు గిన్నె తూచండి. మూడు కిలోలకు తగ్గితే మరిగించిన నీటితో సరిచేసి, వేడిగా సీసాల్లోకి.